టెస్టింగ్ కాలమ్‌కి లిమిట్ 4 పెట్టాం, డెవలపర్లు ఖాళీ అయిపోయారు. పెంచాలా?

బోర్డు_బాధితుడు

మాది కాన్బన్ బోర్డు, ఒక్కో పనికి ఒక కార్డు, పని ఏ దశలో ఉంటే ఆ కాలమ్‌లో పెడతాం. మా టీమ్‌లో ఆరుగురు డెవలపర్లు, టెస్టర్ ఒక్కరే. టెస్టింగ్ కాలమ్‌లో ఎప్పుడు చూసినా 14 కార్డులు మూలుగుతుండేవి. ఒకేసారి అంతకు మించి కార్డులు ఉండకూడదని పోయిన సోమవారం ఆ కాలమ్‌కి 4, డెవలప్‌మెంట్‌కి 6 అని లిమిట్ పెట్టాం. గురువారానికల్లా రెండూ నిండాయి. నలుగురు డెవలపర్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. టెస్టింగ్‌ది 8 చేసేయమని మేనేజర్ గారు అంటున్నారు. చేయాలా, వద్దా?

రామ్_బ్యాకెండ్

చేసేయండి బ్రదర్. జీతమిచ్చి నలుగురిని ఖాళీగా కూర్చోబెట్టే పద్ధతి ఎక్కడైనా ఉందా? పైగా లిమిట్ పెట్టినంత మాత్రాన పని వేగంగా అవదు. ఇంతకుముందు కార్డులు టెస్టింగ్‌లో ఎదురుచూసేవి, ఇప్పుడు బ్యాక్‌లాగ్‌లో ఎదురుచూస్తాయి. క్యూ అదే, నిలబడే చోటు మారిందంతే.

చిన్నమాట

జిరా సాఫ్ట్‌వేర్‌లో లిమిట్ దాటితే కాలమ్ ఎర్రగా మారుతుంది, కార్డు మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది. మా బోర్డు ఏడాదిగా ఎర్రగానే ఉంది 😀

పాతకాపు

బాధితుడు గారూ, 8 చేసే ముందు ఒక పని చేయండి. ఈ క్షణం టెస్టింగ్‌లో ఉన్న నాలుగు కార్డుల్లో ఒక్కోదాని మీద ఇప్పుడు ఎవరి చెయ్యి ఉందో, ఎవరి చెయ్యీ లేకపోతే అది దేనికోసం ఆగిందో రాసి ఇక్కడ పెట్టండి. అది చూడకుండా 4 మంచిదా 8 మంచిదా అని వాదించి లాభం లేదు.

రామ్ గారు చెప్పింది సగం నిజమే. టెస్టింగ్ నుంచి రోజుకు ఒక కార్డు బయటికొస్తుంటే లిమిట్ పెట్టిన రోజున కూడా ఒకటే వస్తుంది. కానీ కాలమ్‌లో 14 ఉన్నప్పుడు లోపలికెళ్లిన కార్డు సగటున 14 పనిదినాలకు బయటపడుతుంది, 4 ఉంటే నాలుగు రోజులకు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన లెక్కే ఇది. బ్యాక్‌లాగ్‌లో ఆగిన కార్డుకీ టెస్టింగ్‌లో ఆగిన కార్డుకీ తేడా ఉంది. మొదటిదాని మీద ఇంకా ఎవరూ చెమటోడ్చలేదు, కస్టమర్ వద్దంటే తీసి పక్కన పెట్టేయొచ్చు. రెండోదాని కోడ్ రాసేశారు. మూడు వారాల తర్వాత బగ్ వస్తే, ఆ కోడ్ రాసినవాడికే తను ఏం రాశాడో గుర్తుండదు.

ప్రెస్సు_బాబాయ్

నాకు సాఫ్ట్‌వేర్ తెలియదు గానీ ఈ బాధ తెలుసు. మాది విజయవాడలో చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్. పెళ్లిళ్ల సీజన్‌లో మిషన్ ఖాళీగా ఉంచకూడదని ప్రింటింగ్ కొడుతూనే ఉండేవాళ్లం. కటింగ్ మిషన్ ఒకటే, దాని ముందు షీట్ల కట్టలు నడుము ఎత్తున పేరుకునేవి. ఒకసారి ముహూర్తం తేదీ తప్పు పడిన శుభలేఖ ఆ కట్టల అడుగున ఆరు రోజులు ఉంది. కటింగ్‌కి వచ్చాక గానీ తప్పు కనపడలేదు. మొత్తం మళ్లీ కొట్టాం, కాగితం ఖర్చు మాదే. ఆ తర్వాత గోడకి ఐదు మేకులు కొట్టి ఐదు క్లిప్పులు తగిలించాను. ఖాళీ క్లిప్పు లేకపోతే కొత్త ప్లేటు ఎక్కించకూడదు. మీరు ఇంకో కటింగ్ మనిషిని, అదే టెస్టర్‌ని, పెట్టుకుంటే సరిపోతుంది కదా బాబూ?

బోర్డు_బాధితుడు

పాతకాపు గారూ, రాశాను. ఒక కార్డు మీద మాత్రమే మా టెస్టర్ నిజంగా పనిచేస్తున్నారు. రెండు కార్డులు సాయంత్రం బిల్డ్ కోసం ఆగాయి. టెస్టింగ్ చేసే స్టేజింగ్ సర్వర్ మాకు ఒకటే, కొత్త కోడ్‌ని దాని మీద బిల్డ్‌గా పెట్టేది ఆపరేషన్స్‌లో ఒకరు, అదీ రోజూ సాయంత్రం 6కి ఒక్కసారే. నాలుగోదానికి బగ్ వచ్చింది. ఫిక్స్ చేయాల్సిన డెవలపర్ ఈలోపు ఇంకో కార్డు ఎత్తుకున్నాడు.

రామ్_బ్యాకెండ్

అదిగో. ఆ నాలుగోది టెస్టింగ్ కార్డే కాదు. బగ్ వచ్చాక దాన్ని డెవలప్‌మెంట్‌కి తిప్పి పంపాలి. అక్కడ ఉంచి లెక్కపెడితే లిమిట్ నిండక ఏమవుతుంది?

క్యూఏ_వాణి

తిప్పి పంపితే డెవలప్‌మెంట్‌లో ఏడో కార్డు అవుతుంది, వాళ్ల లిమిట్ 6 అని పైనే రాశారు కదా. అప్పుడేం చేస్తారు, ఆ 6ని 7 చేస్తారా?

రామ్_బ్యాకెండ్

బగ్ కార్డులు లెక్కలోకి రాకూడదు అంటున్నాను.

క్యూఏ_వాణి

బగ్ రాసింది మీరు, లెక్కలోకి రాకూడనిదీ మీ కార్డే. భలే ఉంది.

పాతకాపు

ఆ కార్డు ఏ కాలమ్‌లో ఉండాలన్నది టీమ్ ఇష్టం, రెండు రకాలుగానూ నడుపుతారు. లెక్కలోంచి తీసేయడం మాత్రం కుదరదు. ఆగిపోయిన కార్డుని లెక్కపెట్టకపోతే అది ఎన్నాళ్లు ఆగినా ఎవరికీ నొప్పి తెలియదు. టొయోటాలో విడిభాగాల డబ్బాకి కార్డు కట్టి తిప్పేవాళ్లు, తిరిగే కార్డులెన్నో అదే లిమిట్. పాడైన భాగమున్న డబ్బాకి కార్డు తీసేస్తాం అనలేదు.

బాధితుడు గారూ, అయిపోయిన కార్డు ఒకటి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా గంటలతో సహా చెప్పగలరా?

బోర్డు_బాధితుడు

పోయిన వారం రీఫండ్ స్క్రీన్ కార్డు. సోమవారం ఉదయం 11కి టెస్టింగ్‌లోకి వచ్చింది. సాయంత్రం 6కి బిల్డ్ పడింది. మంగళవారం ఉదయం 10కి టెస్టర్ మొదలుపెట్టి 40 నిమిషాల్లో బగ్ పట్టుకున్నారు. సగం డబ్బు వెనక్కిస్తే పైసలు రౌండ్ అయి ఒక రూపాయి తేడా వస్తోంది. డెవలపర్ వేరే కార్డు మీద ఉన్నాడు, బుధవారం పొద్దున ఫిక్స్ చేశాడు. బుధవారం సాయంత్రం 6 బిల్డ్. గురువారం ఉదయం మళ్లీ చూసి 20 నిమిషాల్లో ఓకే చేశారు.

పాతకాపు

మూడు రోజుల్లో మనిషి చెయ్యి పడింది ఒక గంట, ఫిక్స్ చేసిన టైమ్ వేరే. మిగతాదంతా ఎదురుచూపే. ఇక్కడ ఇరుకు టెస్టర్ కాదు, సాయంత్రం 6 గంటల బిల్డ్. ప్రెస్సు బాబాయ్ గారు చెప్పినట్టు ఇంకో టెస్టర్‌ని తెచ్చినా, ఇద్దరూ కలిసి ఆ 6 గంటల కోసమే ఎదురుచూస్తారు. అంతకుముందు 14 కార్డులు పోగుపడి ఉండబట్టి మీ టెస్టర్ చేతికి ఏదో ఒకటి దొరికేది, అందుకే ఇది బయటపడలేదు. 4 పెట్టగానే కనపడింది.

ఆ డెవలపర్ మంగళవారం మధ్యాహ్నమే ఫిక్స్ చేసి ఉంటే ఆ రోజు బిల్డ్‌లోనే పడేది, ఒక రోజు మిగిలేది. ఖాళీగా కూర్చున్నారంటున్న నలుగురి మొదటి పని అదే.

ఒక మాట మేనేజర్ గారి తరఫున కూడా చెప్పాలి. బిల్డ్ రోజుకు ఒక్కసారే అయినంతకాలం 4 నిజంగానే బిగుతు కావచ్చు. నాలుగూ బిల్డ్ కోసమో ఫిక్స్ కోసమో ఆగిపోతే మధ్యాహ్నం 2 నుంచి ఆవిడ చేతిలో పని ఉండదు, అది నష్టమే. అలా వారంలో రెండు మూడుసార్లు జరిగితే 5 చేయండి. కానీ ఆవిడ ఖాళీ అయినందుకు పెంచండి, డెవలపర్లు ఖాళీ అయినందుకు కాదు. అసలు 14 నుంచి ఒక్కసారిగా 4కి దిగడం నేనైతే చేయను. 10 పెట్టి, వారం చూసి, 8 పెట్టి, ఎక్కడ నొప్పి మొదలవుతుందో చూసుకుంటూ దిగుతాను.

గోదారి_గట్టు

ప్రొడక్షన్‌లో పేమెంట్ ఆగిపోతే కూడా లిమిట్ అని కూర్చుంటారా?

పాతకాపు

లేదండి, అలాంటి కార్డుకి దారి వదలాలి. కాకపోతే ఒకసారికి ఒకటే. వారానికి నాలుగు ఎమర్జెన్సీలు వస్తుంటే అవి ఎమర్జెన్సీలు కావు.

రామ్_బ్యాకెండ్

అంతా విన్నాను. మీరు కన్సల్టెంట్‌లా మాట్లాడుతున్నారు, రేటింగ్ పోయేది మాకు. మా పాత కంపెనీలో ఇలాగే లిమిట్ పెట్టారు. టెస్టింగ్ నిండిందని రెండు నెలలు టెస్టర్ పక్కన కూర్చుని టెస్ట్ డేటా తయారుచేశాను, స్క్రిప్టులు రాశాను. అప్రైజల్‌లో ఏమన్నారో తెలుసా? "నీ పేరు మీద క్లోజ్ అయిన కార్డులు తక్కువ" అన్నారు. పక్క సీటు అతను లిమిట్ దాటించి కార్డులు తోసుకుంటూ పోయాడు, అతనికే మంచి రేటింగ్. ఇప్పుడు చెప్పండి, ఖాళీ అయితే టెస్టర్‌కి సాయం చేయమంటే నేనెందుకు చేయాలి?

క్యూఏ_వాణి

ఇది మొదటే చెప్పుంటే ఇంత గొడవ అయ్యేది కాదు రామ్ గారూ. నా వైపు కూడా వినండి. శుక్రవారం సాయంత్రం ఐదున్నరకి ఏడు కార్డులు నా కాలమ్‌లోకి తోసి, సోమవారం స్టాండప్‌లో "మా పని అయిపోయింది, టెస్టింగ్ దగ్గర ఆగింది" అని చెప్పేవాళ్లు. అలా రెండేళ్లు మీటింగ్‌లో మాటపడ్డాను. లిమిట్ అనగానే నాకు మొదట వచ్చిన ఆలోచన ప్రాసెస్ గురించి కాదు. ఇక శుక్రవారం ఐదున్నరకి ఎవరూ తోయలేరు అని.

రామ్_బ్యాకెండ్

ఆ తోసినవాళ్లలో నేనూ ఉంటాను, ఒప్పుకుంటాను. కార్డు టెస్టింగ్‌లోకి వెళ్తేనే నా ఖాతాలో పడేది.

పాతకాపు

దీనికి నా దగ్గర జవాబు లేదు రామ్ గారూ. మనిషికి ఇన్ని కార్డులని లెక్కగట్టే చోట కాలమ్ లిమిట్ ఎక్కువ రోజులు నిలబడదు. కార్డులో సాయం చేసిన ఇంకో పేరు కూడా రాసే టీమ్‌లను చూశాను. కొన్నాళ్లు బాగానే సాగింది, తర్వాత అందరూ అన్ని కార్డుల్లో పేరు రాయించుకోవడం మొదలుపెట్టారు.

ప్రెస్సు_బాబాయ్

మా ప్రింటింగ్ కుర్రాడికి వెయ్యి ఇంప్రెషన్లకి ఇంత అని ఇచ్చేవాణ్ని. క్లిప్పులు పెట్టిన నెలలోనే గొడవకొచ్చాడు. నెల జీతం చేశాక గానీ సర్దుకోలేదు.

బోర్డు_బాధితుడు

రెండు వారాల తర్వాత వస్తున్నాను. లిమిట్ 5 చేశాం, 8 కాదు. టెస్టింగ్ పక్కన "బిల్డ్ కోసం ఆగినవి" అని చిన్న కాలమ్ గీశాం, అవి కూడా ఆ 5లోనే లెక్క. దాన్ని ఫొటో తీసి మేనేజర్ గారు ఆపరేషన్స్ వాళ్లకి చూపించారు. ఇప్పుడు మధ్యాహ్నం 1కి ఇంకో బిల్డ్ పెడుతున్నారు. టెస్టింగ్‌లో మూడుకి మించి ఉండట్లేదు.

నిన్నటి నుంచి కోడ్ రివ్యూ నిండింది. రివ్యూ చేసేది మా లీడ్ ఒక్కరే, ఆయన సగం రోజు క్లయింట్ కాల్స్‌లో ఉంటారు. దానికి లిమిట్ పెడదామంటే ఆయనే వద్దంటున్నారు.

చిన్నమాట

ఇప్పుడు మజా.

రామ్_బ్యాకెండ్

అప్రైజల్ సంగతి ఏమన్నా అడిగారా మీ మేనేజర్‌ని?

బోర్డు_బాధితుడు

అడిగాను. మార్చిలో చూద్దాం అన్నారు.