కార్బన్ క్రెడిట్లలో పరిమాణం నిజంగా స్థిరమా?

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా ఎర్రగుంట్ల, చుట్టూ సిమెంట్ ఫ్యాక్టరీలే. ఎం.ఏ. ఎకనామిక్స్ పరీక్షకు చదువుతున్నాను. కార్బన్ పన్ను వేస్తే టన్నుకు ధర ఖాయం, పొగ ఎంత తగ్గుతుందో తెలియదు. పొగ వదలడానికి కొనుక్కునే, అమ్ముకునే పర్మిట్లయితే మొత్తం పొగకు హద్దు ఖాయం, ధర మార్కెట్‌ది. ఇంతవరకు అర్థమైంది.

చిక్కల్లా మన 2023 నాటి కార్బన్ క్రెడిట్ పథకంతోనే. అందులో హద్దు మొత్తం మీద కాదు, టన్ను ఉత్పత్తికి ఇంత అని. ఉదాహరణకు టన్ను సిమెంట్‌కు 0.6 టన్నులు అనుకుందాం. 10 లక్షల టన్నులు తీస్తే 6 లక్షల టన్నుల పొగకు అనుమతి. ఉత్పత్తి 12 లక్షలైతే అనుమతి కూడా 7.2 లక్షలకు పెరుగుతుంది! హద్దు కంటే తక్కువ పొగ వదిలినవాళ్లకు వచ్చే క్రెడిట్ ధరా మార్కెట్‌ను బట్టి మారేదే. అంటే ఇక్కడ ధరా స్థిరం కాదు, పరిమాణమూ కాదు. నా లెక్క సరైనదేనా? పరీక్షలో దీన్ని పర్మిట్ల కింద రాయాలా, వేరే రకంగా చూపాలా? తెలిసినవాళ్లు దయచేసి వివరించండి.