అప్‌డేట్: ఓవర్‌హెడ్‌కి రెండు వేరియన్సులా, మూడా?

నా ప్రశ్న: "మా చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఓవర్‌హెడ్‌కి రెండు వేరియన్సులు చాలా, మూడు కావాలా?"

అప్‌డేట్: ఒకే నెల లెక్కని రెండు రకాలుగానూ వేశాను. స్థిర ఖర్చు బడ్జెట్ 60,000 రూపాయలు, మామూలు సామర్థ్యం 1,000 మెషీన్ గంటలు, అంటే గంటకు 60. చర ఖర్చు గంటకు 40. తయారైన పలకలకు పట్టాల్సింది 900 గంటలు, పట్టింది 950. రెండూ కలిపి గంటకు 100 చొప్పున 900 గంటలకు ఉత్పత్తి మీద వేసింది 90,000, అసలు ఖర్చు 96,500. తేడా 6,500 ప్రతికూలం.

రెండు వేరియన్సుల్లో 900 గంటల బడ్జెట్ 96,000తో పోలుస్తాం. బడ్జెట్ వేరియన్స్ 500, వాల్యూమ్ వేరియన్స్ 6,000, రెండూ ప్రతికూలమే. ఆ 500 చూసి మా ఓనర్ గారు "సర్లే అబ్బాయ్, వదిలెయ్" అన్నారు.

మూడింటిలో 950 గంటల బడ్జెట్ 98,000 మధ్యలోకి వస్తుంది. అప్పుడు స్పెండింగ్ వేరియన్స్ 1,500 అనుకూలం, ఎఫిషియెన్సీ వేరియన్స్ 2,000 ప్రతికూలం. అదనపు 50 గంటలకు చర రేటు 40 మాత్రమే కట్టాలి. స్థిర ఖర్చు గంటలతో పెరగదు కదా. వాల్యూమ్ అదే 6,000.

ఫోర్‌మన్‌ని అడిగితే అసలు సంగతి బయటపడింది: అరిగిన పాలిషింగ్ రాళ్లు మార్చకుండా లాగించారట. రాళ్ల ఖర్చు మిగిలింది, ఒక్కో పలకకి టైమ్ పెరిగింది. ఇక నుంచి మూడే వేస్తున్నాను.