మైనరుగా ఉన్నప్పుడు చేసిన పెళ్లి దానంతట అదే చెల్లకుండా పోతుందా, కోర్టులో రద్దు చేయించుకోవాలా?

నల్లమల అన్న:
మా చెల్లెలు 2006 ఆగస్టు 12న పుట్టింది. 2022 మే నెలలో, పదో తరగతి పరీక్షలు ముగియగానే, మా నాన్న ఆమెను ఇరవై నాలుగేళ్ల దూరపు బంధువుకు ఇచ్చి పెళ్లి చేశారు. కొంతకాలం అత్తవారింట ఉండి తిరిగి వచ్చేసింది, ఇక వెళ్లనంటోంది. మాది నంద్యాల జిల్లా. ఈ పెళ్లి అసలు చెల్లుతుందా? చెల్లకపోతే కోర్టుకు వెళ్లే అవసరం ఏమిటి?

సూటి మాట:
ఆడపిల్లకు 18 నిండకుండా చేసిన పెళ్లి మొదటి నుంచీ చెల్లదు. లేని పెళ్లిని రద్దు చేయమని ఎవరైనా కోర్టును అడుగుతారా? నేను ఉండేది బళ్లారిలో. మా వీధిలో ఇలాంటి పెళ్లి జరిగితే అధికారులు వచ్చి, ఇది చట్టం దృష్టిలో పెళ్లే కాదని తేల్చి చెప్పి వెళ్లారు. మీ చెల్లెలికి పెళ్లి కాలేదనుకొని మరో మంచి సంబంధం చూసుకోండి.

విశ్రాంత మాస్టారు:
నాయనా, గడువు దాటిపోయినట్టుంది. హిందూ వివాహ చట్టం ప్రకారం అమ్మాయి 15 ఏళ్లు నిండిన తరువాత, 18 నిండేలోపు ఆ పెళ్లిని తిరస్కరించాలి. ఇప్పుడు మిగిలింది మామూలు విడాకుల దారి ఒక్కటే.

సీమ ప్లీడరు:
పై రెండు సమాధానాలలోనూ కొంత నిజం ఉన్నది గనుకనే అవి ప్రమాదకరం.

మాస్టారు గారు చెప్పిన నిబంధన 15 ఏళ్లు నిండకముందే పెళ్లయిన అమ్మాయికి మాత్రమే వర్తిస్తుంది, పైగా దాని వల్ల దొరికేది విడాకులు. ఈ అమ్మాయికి పెళ్లినాటికి 15 దాటి తొమ్మిది నెలలయింది కాబట్టి ఆ నిబంధన గురించి ఆలోచించనే అక్కరలేదు. ఆమెకు అక్కరకు వచ్చేది 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టంలోని మూడో సెక్షను. దాని ప్రకారం బాల్య వివాహం దానంతట అది రద్దు కాదు. పెళ్లినాటికి బాలికగానో బాలుడిగానో ఉన్న వ్యక్తి కోరితే కోర్టు రద్దు చేస్తుంది, కోరకపోతే ఆ పెళ్లి నిలిచే ఉంటుంది. మైనారిటీ తీరిన తరువాత రెండేళ్లు పూర్తయ్యేలోపు ఆ కోరిక కోర్టుకు చేరాలి. ఈ అమ్మాయికి 2024 ఆగస్టులో 18 నిండాయి కాబట్టి 2026 ఆగస్టు 11 దాటకుండా పిటిషన్ దాఖలు కావాలి. లెక్కలోకి వచ్చేది దాఖలు చేసిన తేదీయే. తీర్పు ఆ తరువాత ఎప్పుడు వచ్చినా ఫరవాలేదు.

ఇక సూటి మాట గారు బళ్లారిలో చూసింది అబద్ధం కాదు. కర్ణాటక తన రాష్ట్రం వరకు ఈ చట్టాన్ని సవరించుకొని, బాల్య వివాహం మొదటి నుంచీ చెల్లదని రాసుకున్నది. నంద్యాలకు ఆ సవరణ రాదు. ఆయన సలహా విని అమ్మాయికి మరో పెళ్లి చేస్తే, మొదటి పెళ్లి నిలిచి ఉండగా చేసిన ఆ రెండో పెళ్లే చెల్లకుండా పోతుంది, నేరం కూడా అవుతుంది.

సూటి మాట:
పెళ్లి చేయడం నేరమంటారు, చేసిన వారికి రెండేళ్ల దాకా జైలు అంటారు, కానీ ఆ నేరంతో పుట్టిన పెళ్లి మాత్రం నిలుస్తుందంటారు. ఇదెక్కడి న్యాయం ప్లీడరు గారూ? దొంగసొత్తు కొన్నవాడికి హక్కు ఇస్తామా?

సీమ ప్లీడరు:
న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. బలవంతంగానో, మోసగించో, సంరక్షకుల దగ్గర నుంచి ఎత్తుకుపోయో, అమ్మేసో చేసిన బాల్య వివాహమూ, కోర్టు ఆపమన్న తరువాత చేసినదీ మాత్రం ఈ చట్టం కింద కూడా మొదటి నుంచీ చెల్లవు. తండ్రే పెళ్లి పెద్దగా నిలబడి చేసిన ఈ పెళ్లిని వాటిలో చేర్చాలంటే బలవంతమో మోసమో రుజువు కావాలి. గడువు చేతిలో ఉండగా అంత కష్టమైన దారి పట్టనక్కరలేదు.

గోదావరి గట్టు:
సూటి మాట గారూ, మా అక్కకు పద్నాలుగో ఏట పెళ్లి చేశారు. బావ పోయిన తరువాత ఆయన అన్నదమ్ములు పొలంలో వాటా ఎగ్గొట్టడానికి కోర్టులో ఏమని వాదించారో తెలుసా? "మైనరుకు జరిగిన పెళ్లి చెల్లదు, ఆమె మా తమ్ముడి భార్యే కాదు" అని. అచ్చంగా మీ మాటే.

సీమ ప్లీడరు:
ఆ వాదనకు మన దగ్గర చరిత్ర ఉంది. వయసు చాలని హిందూ వివాహం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒకసారి అన్నది. 1977లో అదే కోర్టు పూర్తి ధర్మాసనం ఆ మాటను తోసిపుచ్చి, శిక్ష పడినా పెళ్లి నిలుస్తుందని తేల్చింది. 2006 చట్టం వచ్చి, బాధితులు కోరితే రద్దయ్యే వీలు కల్పించే దాకా అదే పరిస్థితి.

సూటి మాట:
మీ అక్కగారి పొలం కోసం ఈ తరం ఆడపిల్లలందరూ కోర్టుల చుట్టూ తిరగాలా?

గోదావరి గట్టు:
ఆమె ముప్పై ఏళ్లు కాపురం చేసింది! ఆమెను ఇప్పుడు ఏమని పిలవమంటారు? మాట తూచి మాట్లాడండి.

సూటి మాట:
తూచే మాట్లాడుతున్నాను. నా మేనకోడలిని పదహారో ఏట కట్టబెట్టారు. రద్దు కోసం కోర్టుకు వెళితే, పెళ్లి ఫొటోలు తెమ్మన్నారు, పత్రిక తెమ్మన్నారు, అవతలి వకీలు కాపురం గురించి నలుగురిలో అడగరానివన్నీ అడిగాడు. తప్పు చేసింది పెద్దలు, బోను ఎక్కింది పిల్ల. నాకున్న బాధ అదే. ఆ పెళ్లి నిలవాలని కోరుకునేవాడు వెళ్లి కోర్టులో రుజువు చేసుకోవాలి గాని, వద్దన్న పిల్ల ఎందుకు వెళ్లాలి?

గోదావరి గట్టు:
ఈ మాట మొదటే అని ఉంటే నేను కోప్పడేవాడిని కాదు. కానీ మీరు కోరినట్టు రాస్తే, అనుకోకుండా వితంతువైన మా అక్క లాంటి వారు ఆ రుజువు కోసం తిరగాలి. భారం ఎవరో ఒకరి మీద పడుతుంది.

సీమ ప్లీడరు:
అదే అసలు చిక్కు. 2017లో సుప్రీంకోర్టు మిగతా రాష్ట్రాలు కూడా కర్ణాటక దారి పట్టడం మంచిదని అన్నది. నేను మాత్రం గోదావరి గట్టు గారి పక్షమే.

నల్లమల అన్న:
పెద్దలు మీరు వాదించుకోండి, నాకు రెండు భయాలు తీర్చండి. పెళ్లికి ముందు నాన్న ఆధార్‌లో పుట్టిన సంవత్సరం 2003గా మార్పించారు. అవతలివారు అదే చూపిస్తామంటున్నారు. రెండోది, కోర్టుకు వెళితే నాన్న మీద కేసు అవుతుందా?

సీమ ప్లీడరు:
ఆధార్ గురించి దిగులు అక్కరలేదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో, ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని చెప్పి, బడి ఇచ్చిన పత్రంలోని తేదీనే తీసుకున్నది. చెల్లెలి పదో తరగతి ధ్రువపత్రమూ, పంచాయతీలో జనన నమోదు ఉంటే అదీ తీయించండి. పెళ్లి జరిగిందనడానికి శుభలేఖ, ఫొటోలు దాచి ఉంచండి. పిటిషన్ ఆమె పేరుననే వేయాలి. ఆమె మేజరు కనుక మీ నాన్నకూ మీకూ ఆ హక్కు లేదు. ఆమె ఇప్పుడు ఉంటున్న చోటి కోర్టులోనే వేయవచ్చు. కుటుంబ న్యాయస్థానం ఉంటే అక్కడ, లేకపోతే జిల్లా కోర్టులో. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. కొంతకాలం కాపురం చేసిందన్న కారణంతో రద్దు నిరాకరించాలని ఈ చట్టంలో లేదు. ఇచ్చిపుచ్చుకున్న నగలు, సొమ్ము తిరిగి ఇప్పించమనీ, ఆమెకు మళ్లీ పెళ్లయ్యే దాకా భరణం ఇప్పించమనీ ఇదే పిటిషన్‌లో అడగండి.

రెండో దానికి నేను అబద్ధం చెప్పను. రద్దు కోరడం, క్రిమినల్ కేసు పెట్టడం వేరు వేరు పనులు. అయినా పెళ్లి చేసింది తండ్రి అని ఆమె ప్రమాణం చేసి రాసిన కాగితం కోర్టులో ఉంటుంది. ఇంకొకటి, ఊరి పెద్దల ముందు స్టాంపు కాగితం మీద విడాకులు రాసుకుందామని అవతలివారు రాయబారం పంపుతారు. ఆ కాగితం వల్ల పెళ్లి రద్దు కాదు, ఈలోగా ఆగస్టు వచ్చేస్తుంది.

నల్లమల అన్న:
రాయబారం నిన్ననే వచ్చిందండీ. ఉగాది తరువాత కూర్చుందామన్నారు.

సూటి మాట:
కూర్చోవద్దు. సోమవారమే వకాల్తా ఇప్పించండి. చట్టం విషయంలో నా మాట నాదే.