నడుము మైనస్ 1.4, తుంటి మైనస్ 2.6: ఏది నమ్మాలి?

వేకువచుక్క
నాకు 63. నెలసరి ఆగి పదమూడేళ్లయింది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రిపోర్టులో నడుము టీ స్కోరు మైనస్ 1.4, తొడ ఎముక మెడ దగ్గర మైనస్ 2.6, అక్కడే జెడ్ స్కోరు మైనస్ 1.1 అని ఉంది. ఒకచోట ఎముక కాస్త పలచబడింది, ఆస్టియోపీనియా అన్నారు, ఇంకోచోట బాగా పలచబడింది, ఆస్టియోపోరోసిస్ అన్నారు. మా అమ్మ తుంటి విరిగి మంచం పట్టింది, మళ్లీ లేవలేదు. తడి నేల కనిపిస్తే చాలు, కాళ్లు వణుకుతున్నాయి. మాత్రలు మొదలుపెట్టాలా?

నీలిమేఘం
అక్కా, కంగారు పడకండి. జెడ్ మైనస్ 1.1 అంటే మీ వయసుకు మామూలే. మా అత్తగారిదీ అంతే, హాయిగా తిరుగుతున్నారు.

స్కాన్‌గది
పద్నాలుగేళ్లుగా ఈ స్కాన్లే తీస్తున్నాను, ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. జెడ్ మన ఈడువాళ్లతో పోలిక. ఆ ఈడులో అందరి ఎముకా తగ్గే ఉంటుంది కదండీ, వాళ్లతో సమానమైతే ఒరిగేదేముంది? జెడ్ మరీ మైనస్ 2 దాటితే, వేరే జబ్బేదైనా ఎముకను తింటోందేమో చూడమని సూచన, అంతే. నెలసరి ఆగినవాళ్లకు, పడుచు ఎముకతో పోల్చే టీ స్కోరే లెక్క, అందులోనూ అన్నిటికన్నా తక్కువ ఉన్నదే. ఈమెది మైనస్ 2.6. ఆస్టియోపోరోసిస్‌కు పెట్టిన మైనస్ 2.5 గీత దాటేసింది. వేకువచుక్క గారూ, నడుము పూసలకు ఎల్1 నుంచి ఎల్4 వరకు విడివిడిగా అంకెలుంటాయి, అవి పెట్టండి.

నీలిమేఘం
ధైర్యం చెప్తే తప్పా? మీలా భయపెట్టాలా?

మణికట్టు_బాధితురాలు
గీత గీత అంటారు. నా స్కోరు మైనస్ 1.7. "ఇంకా గీత ఇవతలే ఉన్నారు" అని పంపించేశారు. ఎనిమిది నెలలకు చదునైన గచ్చు మీద కాలు మడతపడి చెయ్యి ఆనించాను, మణికట్టు విరిగింది. ప్లేటు వేశారు. ఇప్పటికీ సీసా మూత తిప్పలేను. ఆ గీతను నమ్ముకుని నేను నష్టపోయాను.

స్కాన్‌గది
మీ కోపం న్యాయమే అమ్మా. విరిగే ఎముకల్లో చాలా భాగం ఆ మధ్య అంకెలవాళ్లవే, ఎందుకంటే వాళ్ల సంఖ్యే ఎక్కువ. నిలబడ్డ ఎత్తునుంచి పడి విరిగిందంటే, స్కోరుకన్నా ఆ విరగడమే పెద్ద సాక్ష్యం.

రామచిలుక
మాకు క్యాంపులో మడమ మీద మిషన్ పెట్టి రెండు నిమిషాల్లో మైనస్ 3 అన్నారు. డెక్సాలో మైనస్ 1.2. ఎవరు మోసం చేసినట్టు?

స్కాన్‌గది
మోసం కాదు. మడమది అల్ట్రాసౌండ్. దాని అంకెను మైనస్ 2.5 గీత పక్కన పెట్టి చూడకూడదు. అనుమానానికి పనికొస్తుంది, నిర్ధారణకు కాదు.

రామచిలుక
అలాగైతే క్యాంపులోనే ఆ ముక్క చెప్పాలిగా! నెలరోజులు నిద్రలేదు నాకు.

పాతకాగితం
నాది పోయినేడు మైనస్ 2.3, ఈ ఏడు ఇంకో సెంటర్లో మైనస్ 2.5. ఏడాదిలో అంత కరిగిపోయిందా?

స్కాన్‌గది
మిషన్ మారితే ఆ రెండు అంకెల్నీ పోల్చలేం. అదే మిషన్ మీద కూడా పాదం లోపలికి తిప్పి కట్టడంలో తేడా వస్తే తుంటి అంకె మారుతుంది. అంత చిన్న తేడాను చూసి తగ్గిందనలేం.

వేకువచుక్క
ఇవిగో: ఎల్1 మైనస్ 2.5, ఎల్2 మైనస్ 2.2, ఎల్3 మైనస్ 0.6, ఎల్4 మైనస్ 0.2.

స్కాన్‌గది
నేననుకున్నదే. ఎల్2కీ ఎల్3కీ మధ్య 1.6 తేడా. పక్కపక్క పూసల మధ్య 1 దాటితే అనుమానించాలి. అరుగుదలతో పూస అంచున పెరిగిన ముళ్లను కూడా మిషన్ ఎముకగానే లెక్కేస్తుంది. ఎల్3, ఎల్4 తీసేస్తే నడుము మైనస్ 2.3 దగ్గరికి వస్తుంది. అంటే మీ నడుమూ తుంటీ ఒకే మాట చెప్తున్నాయి. మైనస్ 1.4 ఉత్త పైపూత.

కొండగోగు
అరుగుదలే అని ఎలా తేల్చేశారు? పూస నలిగినా అలాగే కనిపిస్తుంది. అదే ఎముక తక్కువ చోట్లో ఇరుక్కుంటుంది కాబట్టి అంకె బాగున్నట్టు వస్తుంది. మా అమ్మకు అలాగే జరిగింది, నడుం నొప్పి అనుకుని రెండేళ్లు ఊరుకున్నాం. వేకువచుక్క గారూ, మీ ఎత్తు తగ్గిందా?

స్కాన్‌గది
రెండు పూసలూ వరసగా పెరిగాయి, అరుగుదలకే ఎక్కువ అవకాశం. అయినా ఎక్స్‌రే లేకుండా తేలదు, మీ మాట ఒప్పుకుంటున్నా.

నీలిమేఘం
మాత్రలతో దవడ ఎముక పాడవుతుందంటారు, అదీ చెప్పండి.

మణికట్టు_బాధితురాలు
అది చాలా అరుదు. విరిగిన చెయ్యి నాకు రోజూ కనిపిస్తోంది.

వేకువచుక్క
గోడకు మడమలు ఆనించి కొలిపించుకున్నాను. పాత ఫారంలో 157 సెంటీమీటర్లు, ఇప్పుడు 152. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, మందు సంగతి తర్వాత, ముందు వెన్ను పక్కనుంచి ఎక్స్‌రే తీయించుకోమన్నారు. పూస నలిగి ఉంటే మందే మారొచ్చట. ఎముక విరిగే ముప్పును అంచనా వేసే ఫ్రాక్స్ లెక్కలో అమ్మ తుంటి విరిగిన సంగతి కూడా వేస్తామన్నారు. రేపు వెళ్తున్నాను. ఫిల్ము రాగానే ఎల్3 సంగతి ఇక్కడే రాస్తాను.