వరుసలో పెద్ద ధరకు రంగు: రెండు సమానమైతే రెండింటికీ వేయాలా?

దామలచెరువు లెక్కలు:
మా రైతుల సంఘంలో తోతాపురి మామిడి ధరల పట్టిక ఎక్సెల్‌లో నేనే రాస్తాను. వరుసకో రోజు. B నుంచి F దాకా ఐదు చోట్ల టన్ను ధర: దామలచెరువు మండీ, బంగారుపాళ్యం మండీ, ఊరి దగ్గర కాయలు కొనే ర్యాంపు, రెండు గుజ్జు ఫ్యాక్టరీలు. ప్రతి వరుసలో పెద్ద ధరకు పచ్చ రంగు రావాలి. Conditional Formatting లోని Top 10 Items లో 1 పెడితే పట్టిక మొత్తానికి ఒక్క సెల్‌కే వచ్చింది. ఇంకొకటి: రెండు చోట్ల ఒకే పెద్ద ధర ఉంటే రెండింటికీ రంగు వేయాలా, ఒకదానికేనా? సంఘంలో దీని మీదే గొడవ.

పాకాల కుర్రాడు:
అన్నా, Top 10 తప్పేమీ కాదు. పట్టిక మొత్తం సెలెక్ట్ చేశావు కాబట్టి మొత్తంలో పెద్దది చూపించింది. మొదటి వరుస ఒక్కటే సెలెక్ట్ చేసి రూల్ పెట్టు. తర్వాత Format Painter మీద రెండుసార్లు క్లిక్ చేసి కింది వరుసలను ఒక్కొక్కటిగా లాగుతూ పో. మా షాపు లెక్కలకు నేను అలాగే చేస్తాను, బాగానే వస్తుంది.

బైరాగిపట్టెడ సార్:
కారణం పాకాల తమ్ముడు సరిగ్గానే చెప్పాడు, కానీ ఆ దారిలో పోతే 30 రోజులకు 30 రూల్స్ తయారవుతాయి. రేపు మధ్యలో ఒక వరుస చేర్చినా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేసినా ఏ రూల్ ఏ వరుసది అన్నది Manage Rules తెరిచి వెతుక్కోవాలి. పొరపాటున రెండు వరుసలు కలిపి పెయింట్ చేస్తే ఆ రెండింటికీ కలిపి ఒకటే పెద్దది వస్తుంది. పచ్చ సెల్ కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి తప్పు జరిగినట్టు ఎవరికీ తెలియదు.

ఒక్క రూల్ చాలు. B2 నుంచి మొదలుపెట్టి F31 దాకా సెలెక్ట్ చేయండి. Conditional Formatting లో New Rule, అందులో Use a formula to determine which cells to format తీసుకుని ఇది రాయండి:

```
=B2=MAX($B2:$F2)
```

డాలర్ గుర్తు అక్షరాల ముందే ఉంది, 2 ముందు లేదు. దానివల్ల రూల్ ఏ వరుసకు పోతే ఆ వరుసలోనే B నుంచి F దాకా చూస్తుంది. సెలెక్షన్ కింది నుంచి పైకి లాగకండి. ఫార్ములాలో రాసే B2, సెలెక్షన్‌లో తెల్లగా కనిపించే సెల్ రెండూ ఒకటే కావాలి. లేకపోతే రంగు పక్క వరుసల లెక్క ప్రకారం పడుతుంది.

పుత్తూరు టీచర్:
నేను మా పదో తరగతి మార్కుల పట్టికలో ఈ ఫార్ములానే పెట్టాను సార్. ప్రతి పిల్లవాడికీ ఏదో ఒక సబ్జెక్టు పచ్చగా వచ్చింది. నాకు కావలసింది సబ్జెక్టులో ఫస్ట్ ఎవరు అని. ఫార్ములా తప్పా?

బైరాగిపట్టెడ సార్:
ఫార్ములా సరైనదే మేడమ్, మీ ప్రశ్న వేరు. వారు అడ్డంగా చూస్తున్నారు, మీరు నిలువుగా చూడాలి. మీకు `=B2=MAX(B$2:B$41)` కావాలి. 41 బదులు మీ చివరి వరుస నంబర్ పెట్టుకోండి.

దామలచెరువు లెక్కలు:
పెట్టాను సార్, ప్రతి వరుసకూ వచ్చింది. చాలా థాంక్స్. కానీ ఇంకా ధరలు రాయని రోజుల వరుసల్లో ఐదు సెల్స్ పచ్చగా అయిపోయాయి. 14వ వరుసలో 8000 ఉండగా 7500కి రంగు వచ్చింది.

బైరాగిపట్టెడ సార్:
మొదటిది తేలిక. అంతా ఖాళీగా ఉన్న వరుసలో MAX సున్నా ఇస్తుంది. ఖాళీ సెల్‌ను ఎక్సెల్ సున్నాతో పోల్చి సమానం అంటుంది. అందుకే ఐదూ పెద్దవే అయ్యాయి. ఇలా మార్చండి:

```
=AND(B2<>"",B2=MAX($B2:$F2))
```

రెండోదే నాకు భయం. ఆ 8000 వాట్సాప్ మెసేజ్ నుంచి కాపీ చేసి ఉంటారు. 8000/- అని ఉండి ఉంటుంది, అందుకే అది ఎక్సెల్‌కు అక్షరాలుగా మిగిలింది. MAX అక్షరాలను లెక్కలోకి తీసుకోదు, ఎర్రర్ కూడా చూపించదు. ఆ తర్వాతి పెద్దదానికి హాయిగా రంగు వేసేస్తుంది. రైతు ఆ పచ్చ చూసి లోడు ఇంకోచోటికి పంపితే టన్నుకు 500 పోతుంది. గుర్తుపట్టాలంటే చూడండి, మీరు అలైన్‌మెంట్ మార్చకపోతే అంకె సెల్‌లో కుడివైపు ఉంటుంది, అక్షరం ఎడమవైపు ఉంటుంది. కంటికి వదిలేయడం కంటే G2లో ఇది పెట్టి కిందికి లాగండి:

```
=COUNTA(B2:F2)-COUNT(B2:F2)
```

సున్నా కాకపోతే ఆ వరుసలో అంకె కానిది ఏదో ఉంది. అది సరిచేసేదాకా ఆ వరుస రంగును నమ్మొద్దు.

గ్రీమ్స్‌పేట:
అసలు గొడవకు వద్దాం. నా మాట: ఒక్కదానికే రంగు ఉండాలి. రైతు పొద్దున్నే ఫోన్‌లో ఆ పట్టిక చూసి ట్రాక్టర్ ఎటు తిప్పాలో తేల్చుకుంటాడు. రెండు పచ్చలు కనిపిస్తే మళ్ళీ ఫోన్లు, మళ్ళీ టెన్షన్. మొదట వచ్చినదానికే రంగు వేసే ఫార్ములా ఉంది:

```
=AND(B2<>"",B2=MAX($B2:$F2),COUNTIF($B2:B2,B2)=1)
```

ఎడమ నుంచి చూసుకుంటూ వచ్చి ఆ ధర మొదటిసారి కనిపించిన చోటే రంగు వేస్తుంది.

బైరాగిపట్టెడ సార్:
ఫార్ములా సరిగ్గా పనిచేస్తుంది. అయినా ధరల పట్టికలో నేను దాన్ని ఒప్పుకోను. ఎడమవైపు మొదటిది అంటే ఏమిటి? దామలచెరువు B లో ఉంది కాబట్టి సమానమైన ప్రతిసారీ దామలచెరువే గెలుస్తుంది. F లో ఉన్న ఫ్యాక్టరీ ఎవరితో సమానమైనా ఒక్కసారీ గెలవదు. కాలమ్స్ ఏ వరుసలో టైప్ చేశాం అన్నది ధరలో తేడాగా కనిపిస్తుంది. సీజన్ అయ్యాక ఎవరో కూర్చుని పచ్చలు లెక్కపెట్టి ఈ మండీయే ఎక్కువ రోజులు మంచి ధర ఇచ్చింది అంటారు. ఆ మాట తప్పు. పట్టిక ఉన్నది ఉన్నట్టు చూపాలి. సమానమైతే రెండూ పచ్చే.

గ్రీమ్స్‌పేట:
సీజన్ లెక్కలు వేరే పట్టికలో చూసుకుందురు. పొద్దున పట్టిక పని దారి చూపడం. రెండు దారులు చూపితే ఆ పని సగమే అయినట్టు.

పూతలపట్టు రైతు:
మీ ఇద్దరి మాటా విన్నాను. నేను కాయలు పండించేవాడిని, కంప్యూటర్ మా అమ్మాయి చూస్తుంది. మీరు రంగు వేస్తున్నది మండీ చెప్పిన ధరకు. నా చేతికి వచ్చేది అది కాదు. ఫ్యాక్టరీకి తోలాలంటే బాడుగ ఎక్కువ, క్యూలో బండి ఆగితే వెయిటింగ్ ఇంకా అదనం. 2025లో ప్రభుత్వం కిలోకు ఇచ్చిన 4 రూపాయలు అన్ని చోట్లా ఒకటే అనుకుంటే దానివల్ల ఏది పెద్దది అన్నది మారదు. బాడుగ మాత్రం మారుస్తుంది. అది తీసేసి చూపండి.

బైరాగిపట్టెడ సార్:
అన్న చెప్పిందే అసలు విషయం. ఉదాహరణకు నా సొంత అంకెలు వేసి చూపిస్తాను. ఒక రోజు ధరలు B నుంచి వరసగా 6800, 7200, 6500, 7500, 7500. రెండు ఫ్యాక్టరీలూ సమానం. 40వ వరుసలో టన్నుకు బాడుగ రాద్దాం: 300, 700, 200, 900, 1100. H2లో ఇది రాసి L దాకా, కిందికి 31 దాకా లాగండి:

```
=IF(B2="","",B2-B$40)
```

వచ్చేవి 6500, 6500, 6300, 6600, 6400. H2 నుంచి L31 దాకా సెలెక్ట్ చేసి `=H2=MAX($H2:$L2)` పెడితే మొదటి ఫ్యాక్టరీ ఒక్కటే పచ్చ. ధరలో సమానంగా ఉన్న రెండోది ఇక్కడ దామలచెరువు మండీ కంటే కూడా కింద పడింది. ఇంకో లాభం ఉంది. B నుంచి F లో ఎక్కడైనా 8000/- లాంటిది ఉంటే ఇక్కడ #VALUE! వస్తుంది. ఆ వరుసలో ఎక్కడా రంగు పడదు. తప్పు రంగు కంటే రంగు లేకపోవడమే మేలు, వెంటనే కంట పడుతుంది.

గ్రీమ్స్‌పేట:
బాడుగ తీసేస్తే సమానం అనేదే రాదంటారా? మరుసటి రోజు రెండు మండీల్లో చెరో 200 పెరిగిందనుకోండి. 7000, 7400 అవుతాయి. బాడుగ పోతే రెండూ 6700. ఫ్యాక్టరీ 6600 దగ్గరే ఉంది. మళ్ళీ రెండు పచ్చలు!

పూతలపట్టు రైతు:
అప్పుడు రెండూ చూపండి సార్. డబ్బు ఎక్కడ వెంటనే చేతిలో పెడతారో, తూకం ఎక్కడ నమ్మకమో మాకు తెలుసు. అది మీ పట్టికలో లేదు కదా.

కొర్లగుంట అకౌంట్స్:
నేనైతే ఇంకా దూరం పోతాను. 6700కు, 6650కు నిజంగా తేడా ఉందా? బండి ఒక గంట ఆగితే ఆ 50 పోతుంది. B41లో 100 రాసి, పెద్దదానికి అంతలోపు ఉన్నవన్నీ పచ్చ చేయండి:

```
=AND(ISNUMBER(H2),H2>=MAX($H2:$L2)-$B$41)
```

ISNUMBER తీసేయకండి. ఖాళీగా కనిపించే "" అక్షరం కింద లెక్క. ఎక్సెల్‌కు అక్షరం ఏ అంకె కంటే అయినా పెద్దదే కాబట్టి ఆ ఖాళీలన్నీ పచ్చబడతాయి.

బైరాగిపట్టెడ సార్:
ఫార్ములా బాగుంది, ISNUMBER మాట చాలా ముఖ్యం. కానీ 100 అని ఎవరు తేలుస్తారు? ర్యాంపు వాళ్ళు 200 అడుగుతారు, ఫ్యాక్టరీ దగ్గరి రైతులు 50 అంటారు. పెద్దది ఏది అంటే అందరూ ఒప్పుకుంటారు, దగ్గరగా ఉన్నది ఏది అంటే ఒప్పుకోరు. పెట్టదలిస్తే ముదురు పచ్చ అసలు పెద్దదానికి, లేత పచ్చ దగ్గరివాటికి, రెండు రూల్స్‌గా పెట్టండి. Manage Rules లో ముదురు పచ్చ రూల్ పైన ఉండాలి. కింద ఉంటే లేత పచ్చే కనిపిస్తుంది.

గ్రీమ్స్‌పేట:
రెండు పచ్చలే ఎక్కువ అంటుంటే ఇప్పుడు రెండు రకాల పచ్చలా! మా ఊళ్ళో చాలామంది జిరాక్స్ కాగితం మీద చూస్తారు, అందులో రెండూ ఒకటే బూడిద రంగు.

దామలచెరువు లెక్కలు:
ఆ మాట నిజం. ఫార్మాట్‌లో రంగుతో పాటు బోల్డ్ కూడా పెట్టాను, జిరాక్స్‌లోనూ తెలుస్తోంది. బాడుగ తీసిన పట్టికనే ఈ వారం గోడకు అంటిస్తున్నాను, సమానమైతే రెండూ బోల్డ్. 100 సంగతి సంఘం మీటింగ్‌లో పెడతాను. వెయిటింగ్ ఖర్చు బాడుగలో కలపాలా వద్దా అన్నది మాత్రం నాకు తేలలేదు, అది రోజుకో రకంగా ఉంటోంది.

పూతలపట్టు రైతు:
దానికి 40వ వరుస ఒక్కటి చాలదు. ప్రతి రోజుకూ విడిగా రాయాలి. మా అమ్మాయితో మాట్లాడి చెప్తాను.