మిగిలిన 12 మాత్రల విలువ ఎంత?

పర్లాకిమిడి కోడలు: బరంపురం డాక్టరుగారు మా అత్తగారికి రక్తపోటు మాత్ర రోజుకొకటి చొప్పున 30 రోజులకు రాశారు. స్ట్రిప్పుకు 15 మాత్రలు, ఎమ్మార్పీ రూ. 187.50. పాతపట్నం దుకాణంలో 12 శాతం తగ్గింపుతో రెండు స్ట్రిప్పులకు రూ. 330 ఇచ్చాము. 18 రోజులు వాడాక కాళ్లకు వాపు రావడంతో డాక్టరుగారు మందు మార్చారు. మందుల ఖర్చును మా బావగారూ మేమూ చెరి సగం భరిస్తాము. వాడిన మందుకే సగం ఇస్తానని ఆయన అంటున్నారు. లెక్క ఎలా వేయాలి?

బరంపురం మాస్టారు: అమ్మా, 187.50ని 15తో భాగిస్తే మాత్ర 12.50 అవుతుంది. మిగిలిన 12 మాత్రల విలువ 150 రూపాయలు కనుక, మీరిచ్చిన 330లో నుంచి దానిని తీసివేస్తే వాడిన మందుకు 180 తేలుతుంది. బావగారి వాటా 90.

రాయగడ మందుల కొట్టు: మాస్టారుగారి భాగాహారం సరైనదే కాని, ఒకే లెక్కలో రెండు ధరలు కలిసిపోయాయి. మిగిలినవాటికి ఎమ్మార్పీ కట్టి, దానిని చెల్లించిన సొమ్ములో నుంచి తీసివేయడం వల్ల మొత్తం 45 రూపాయల తగ్గింపూ వాడిన 18 మాత్రలకే చేరి, వాటి ధర మాత్రకు 10కి పడిపోయింది. ఆ ధరకు ఆ మందును మీకు ఎవరూ అమ్మలేదు. తగ్గింపు 30 మాత్రలకూ సమానంగా వచ్చింది కనుక 330ని 30తో భాగించాలి. మాత్ర 11 రూపాయలు, వాడినవి 198, మిగిలినవి 132. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కనుక దానిపై మరేమీ కలపనక్కరలేదు.

అయితే ఆ 132 కాగితం మీది విలువ మాత్రమే. మొదటి స్ట్రిప్పు పూర్తయి, రెండవదానిలో మూడు మాత్రలు వాడారు. అలా తెరిచిన స్ట్రిప్పును మా కొట్టులో వెనక్కు తీసుకోము, ఎందుకంటే అది ఇంట్లో ఎండలో ఉన్నదో తడిలో ఉన్నదో మాకు తెలియదు. ముట్టని స్ట్రిప్పును బిల్లుతో తెస్తే తీసుకుంటాము, అదికూడా మీరు చెల్లించిన ధరకే.

గుణుపురం వాసి: మా నాన్నగారికి మోతాదు సగానికి తగ్గించినప్పుడు మాత్రను రెండుగా విరిచి వేశాము. మీ 12 మాత్రలు 24 రోజులకు వస్తాయి కదా, వృథా అన్న మాటే లేదు.

రాయగడ మందుల కొట్టు: అక్కడ మందు అదే ఉండి మోతాదు తగ్గింది. ఇక్కడ మందే మారింది, అదికూడా వాపు వచ్చినందుకు. విరవడమైనా డాక్టరును అడిగి, మధ్యలో గీత ఉన్న మాత్ర విషయంలోనే చేయాలి. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రను విరిస్తే మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి చేరుతుంది.

మహేంద్రతనయ ఒడ్డు: నా అభ్యంతరం వేరు. కొత్త మందుకు ఒక్కసారే రెండు స్ట్రిప్పులు ఎందుకు కొన్నారు? పర్లాకిమిడిలో మా వీధి కొట్టువారు విడి మాత్రలకు తగ్గింపు ఇవ్వకపోయినా, ఎన్ని కావాలంటే అన్ని కత్తిరించి ఇస్తారు. 12.50 చొప్పున 13 మాత్రలు కొన్నా 162.50 అవుతుంది, తగ్గింపు స్ట్రిప్పు 165. పద్నాలుగో మాత్ర దగ్గరే స్ట్రిప్పు చవకవుతుంది. వాడతామో లేదో తెలియని మందుకు తగ్గింపు శాతం చూసి మురిసిపోవడం నాకు అర్థం కాదు.

బరంపురం మాస్టారు: తగ్గింపు గురించి రాయగడవారి సవరణను అంగీకరిస్తున్నాను. కాని విడిగా కొన్నవారికి తగ్గింపు ఎగవేయడం న్యాయమా? ఇక్కడ ఒక కొట్టులో మూడు మాత్రలకు చిల్లర లేదంటూ 40 తీసుకున్నారు.

రాయగడ మందుల కొట్టు: ఆ రెండూ వేరు వేరు సంగతులు. తగ్గింపు కొట్టువాడి ఇష్టం. విడి మాత్రల ధర మాత్రం స్ట్రిప్పు ధరలో వాటి వంతును మించరాదని 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. మూడింటికి 37.50 వరకే తీసుకోవాలి. 40 అంటే మాత్ర 13.33 పడినట్లు, అది తప్పు. బిల్లు అడగండి. గడువు తేదీ, బ్యాచ్ సంఖ్య ఉన్న కొసను చివరివరకు ఉంచి రెండవ కొస నుంచి కత్తిరించమనండి. అవి లేని ముక్క చేతికొస్తే తేదీని బిల్లు మీద రాయించుకోండి.

పర్లాకిమిడి కోడలు: అందరికీ కృతజ్ఞతలు. అయితే బావగారు ఇవ్వవలసినది 198లో సగమైన 99 రూపాయలేనా? మిగిలిన మాత్రలు ఎవరికీ పనికిరానప్పుడు ఆ 132 మేమొక్కరమే ఎందుకు భరించాలి?

మహేంద్రతనయ ఒడ్డు: కొన్నది మీరు, ఎన్ని కొనాలో నిర్ణయించినదీ మీరే. 99 సరిపోతుంది.

రాయగడ మందుల కొట్టు: నేను ఒప్పుకోను. చీటీలో 30 రోజులకు రాసి ఉంది, వాపు వస్తుందని ఆనాడు ఎవరికీ తెలియదు. ఆ మందు కోసం కుటుంబం ఖర్చు పెట్టినది 330, వాటా 165. అయితే మందు మారే అవకాశం ఉందని డాక్టరుగారు ముందే చెప్పి ఉంటే మహేంద్రతనయవారి మాటకే బలం ఎక్కువ. ఆయన ఏమైనా చెప్పారా?

పర్లాకిమిడి కోడలు: రెండు వారాల తరువాత ఒకసారి చూపించమన్నారు. మేము 18వ రోజున వెళ్లాము.

మహేంద్రతనయ ఒడ్డు: అయితే మొదట ఒక్క స్ట్రిప్పు కొని, పైన మూడు మాత్రలు విడిగా తీసుకుంటే 202.50తో పోయేది. బావగారు ఆ లెక్కే చూపిస్తారు, సిద్ధంగా ఉండండి.