అన్‌ఇన్‌స్టాల్ చేసినా వారం వారం 249 పోతోంది: తప్పు యాప్‌దా, పిన్ కొట్టినవాళ్లదా?

మారతహళ్లి మధు
అమ్మ బెంగళూరులో నా దగ్గర ఉన్నప్పుడు రీల్స్‌లో ఒక యాడ్ చూసింది. పాత ఫొటో పెడితే అందులో మనిషి నవ్వుతాడట, చెయ్యి ఊపుతాడట. తాతయ్య ఫొటో పెడదామని రూపాయి కట్టి యాప్ వేసుకుంది, నచ్చక మర్నాడే తీసేసింది. ఇప్పుడు పాస్‌బుక్ చూస్తే ఏడు వారాల్లో 1,743 రూపాయలు పోయాయి. వెంటనే ఆపడం ఎలా? ఇది మోసం కాదా? అన్నయ్యేమో పిన్ నువ్వే కొట్టావుగా అని అమ్మనే అంటున్నాడు.

సిల్క్‌బోర్డ్ సుబ్బు
మీ అన్నయ్య అన్నదే నిజం బ్రో. పిన్ కొట్టకుండా రూపాయి కూడా కదలదు. చదవకుండా సంతకం పెట్టి తర్వాత మోసం అంటే ఎలా? ఆపడం అంటారా, ఆ ఖాతాలో బ్యాలెన్స్ ఖాళీగా ఉంచండి, వాళ్లే విసిగి మానేస్తారు.

పాత కౌంటర్
ముప్పై ఏళ్లు బ్యాంకులో చేశాను, కాబట్టి చెబుతున్నా: ఖాతా ఖాళీ చేస్తే కోత ఆగదు, ఆ రోజుకి తప్పుతుంది, అంతే. అనుమతి బతికే ఉంటుంది. అమ్మగారి పెన్షన్ పడిన రోజున మళ్లీ అడుగుతారు.

మధు గారూ, తప్పెవరిదన్నది తర్వాత తేల్చుకుందాం. ముందు బ్యాంకు మెసేజ్ తీసి, డబ్బు ఎవరి పేరుకు వెళ్లిందో చూడండి. గూగుల్ ప్లే అని ఉంటే ఒక దారి, ఇంకేదో కంపెనీ పేరుంటే వేరే దారి. అక్కడ యాప్ పేరే ఉంటుందనుకోకండి. యాప్‌కి ఒక పేరు, డబ్బు తీసుకునే కంపెనీకి ఇంకో పేరు ఉండటం మామూలే. అందుకే చాలామంది తమ మెసేజ్‌ని తామే పోల్చుకోలేరు.

గూగుల్ ప్లే అయితే, యాప్ ఫోన్‌లో లేకపోయినా ఫరవాలేదు. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ, Payments & subscriptions, Subscriptions, అక్కడ రద్దు. యాప్ వేసినప్పుడు ఏ జీమెయిల్ ఉందో అదే ఉండాలి. ఇళ్లలో అమ్మ ఫోన్‌లో కొడుకు జీమెయిల్ కూడా ఉంటుంది, వేరే ఖాతాలో వెతికి ఏమీ లేదనుకుంటారు.

బీటీఎం బుజ్జి
ఇంత తిరగడం ఎందుకండీ? యూపీఐ యాప్‌లోకి వెళ్లి ఆటోపే రద్దు చేస్తే ఏదైనా ఆగిపోతుంది. నేను రెండు అలాగే ఆపాను.

పాత కౌంటర్
సగం నిజం బుజ్జి గారూ. కంపెనీ నేరుగా మాండేట్, అంటే ఖాతా నుంచి తనంతట తానే డబ్బు తీసుకునే అనుమతి, పెట్టుకుని ఉంటే మీరు చెప్పిందే సరైన మందు. అప్పుడు ప్లే స్టోర్ జాబితాలో ఏమీ కనబడదు, ఆటోపే ఒక్కటే చేతిలో ఉండే తాడు. కానీ డబ్బు ప్లే స్టోర్ ద్వారా వెళ్తుంటే, మాండేట్ తెంచినా అక్కడ సబ్‌స్క్రిప్షన్ వెంటనే పోదు. పేమెంట్ సరిచేయండి అని కొన్నాళ్లు అడుగుతూనే ఉంటుంది. ఇంట్లో ఎవరో ఇంకేదో కొనడానికి కొత్త కార్డు చేర్చారంటే, మళ్లీ మొదలవ్వచ్చు. కాబట్టి అలాంటప్పుడు ముందు ప్లే స్టోర్‌లో రద్దు, తర్వాత మాండేట్.

మాండేట్ కోసం గూగుల్ పే, ఫోన్‌పే దేంట్లోనైనా ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ఆటోపే అని ఉంటుంది. రూపాయి కట్టినప్పుడు ఏ యాప్‌లో పిన్ కొట్టారో ముందు అందులోనే చూడండి. రద్దుకు కూడా పిన్ అడగవచ్చు. మా వీధిలో ఒకావిడ అది చూసి మళ్లీ డబ్బు పోతుందేమోనని భయపడి వెనక్కి వచ్చేసింది. పైన ‘రద్దు’ అని ఉందో లేదో చదువుకుని కొట్టాలి.

కోరమంగళ కిట్టు
నాకూ ఇదే జరిగింది! కాలర్ ట్యూన్ అని నెలకు ముప్పై రూపాయలు రీఛార్జ్ నుంచి పోయేవి. 155223కి చేస్తే ఆగిపోయింది. మధు, అదే ట్రై చేయి.

బీటీఎం బుజ్జి
కిట్టూ, అది సిమ్ కంపెనీ సర్వీసులకి. ఇక్కడ బ్యాంకు నుంచి పోతోంది.

మల్లేశ్వరం పద్మ
సుబ్బు గారి మాట నాకు మింగుడు పడలేదు. నేను యాప్‌ల స్క్రీన్లు డిజైన్ చేసే ఉద్యోగంలో ఉన్నాను. యాడ్‌లో రేటు ఉండదు. యాప్ తెరవగానే స్క్రీన్ నిండా ‘1 రూపాయి’ బటన్, దాని కింద బూడిద రంగులో చీమల్లాంటి అక్షరాలతో ‘తర్వాత వారానికి 249’. ఆ రంగు పొరపాటున రాదండి, మీటింగ్ పెట్టుకుని మరీ ఎంచుకుంటారు. వారం అని ఎందుకు పెడతారో తెలుసా? 249 చూస్తే రెండు టిఫిన్ల ఖర్చులా ఉంటుంది, 52తో గుణిస్తే 12,948. ఇంకోటి, నెలాఖరున మనిషి స్టేట్‌మెంట్ చూసుకునేలోపు నాలుగు కోతలు అయిపోతాయి.

2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో 13 రకాల వలలున్నాయి. ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ వాటిలో ఒకటి. రద్దును కష్టం చేయడం, దాచడం అందులోకే వస్తాయి. పిన్ కొట్టారు కాబట్టి అంతా సక్రమమే అనడానికి లేదు.

సిల్క్‌బోర్డ్ సుబ్బు
బూడిద రంగైనా రాసి ఉందిగా మేడమ్. మరి ప్రతి వారం పిన్ ఎందుకు అడగలేదు?

పాత కౌంటర్
రిజర్వ్ బ్యాంకు నియమమే అది. మొదటిసారి పిన్‌తో మాండేట్ ఇస్తే, 15,000 లోపు తర్వాతి కోతలకు మళ్లీ అడగక్కర్లేదు. బదులుగా కనీసం 24 గంటల ముందు సందేశం రావాలి: ఎవరికి, ఎంత, ఎప్పుడు అని. మధు గారూ, అమ్మగారి మెసేజ్‌లు వెతకండి. వచ్చి ఉంటే మీరు చూడలేదన్నమాట. అసలు రాకపోతే బ్యాంకుకు ఫిర్యాదు చేయడానికి అది గట్టి ఆధారం.

ముందే కనిపెట్టడానికి నేను నమ్మేది ఒకటే చోటు. యాప్ తన స్క్రీన్ మీద ఏమైనా రాసుకోవచ్చు, పిన్ అడిగే పేజీ మాత్రం దానిది కాదు. యూపీఐ వాళ్లది. రూపాయి పంపుతున్నాం అనుకునే చోట Autopay లేదా Mandate అని ఉంటే వేలు ఆపండి. గరిష్ఠ మొత్తం, Weekly అన్న మాట, ఎప్పటిదాకా అన్న తేదీ అక్కడే ఉంటాయి. ముగింపు తేదీ ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత ఉందంటే రూపాయి ట్రయల్ కాదని అర్థం.

మారతహళ్లి మధు
చూశాను సార్. ప్లే స్టోర్‌లో ఏమీ లేదు. మెసేజ్‌లో ఎప్పుడూ వినని కంపెనీ పేరు. అమ్మ ఫోన్‌లో ఆటోపేలో అదే పేరు, 249 వరకు, Weekly, 2055 దాకా! రద్దు చేశాను, పిన్ అడిగింది. కానీ రేపటి కోతకి సందేశం నిన్ననే వచ్చేసింది. ముందస్తు సందేశాలన్నీ వచ్చాయి, లోన్ మెసేజ్‌ల మధ్య కూరుకుపోయాయి. 1930కి చేయనా?

పాత కౌంటర్
రద్దయినట్టు చూపిస్తున్న పేజీ స్క్రీన్‌షాట్ తీసి, టైముతో దాచండి. ఆ తర్వాత పడితే బ్యాంకు జవాబు చెప్పాలి. 1930 దొంగతనంగా డబ్బు లాగేసినప్పటిది. ఇక్కడ అనుమతి ఉంది కాబట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 మేలు. యాప్ కంపెనీకి మెయిల్ పెట్టి, యాడ్ స్క్రీన్‌షాట్ దొరికితే జతచేయండి. పాత ఏడు కోతలూ మొత్తం వస్తాయని మాత్రం నేను చెప్పను.

బీటీఎం బుజ్జి
ప్లే స్టోర్ అయితే 48 గంటల్లో రీఫండ్ అడగొచ్చు. ఏడు వారాలయ్యాక కష్టం, ఇక్కడ ఆ దారి కూడా లేదు.

మల్లేశ్వరం పద్మ
ఐఫోన్ వాళ్ల కోసం ఒక మాట. Settings పైన మన పేరు నొక్కితే Subscriptions. ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేయాలి. రీఫండ్ అడిగేది reportaproblem.apple.com లో.

సిల్క్‌బోర్డ్ సుబ్బు
సరే, వల వేశారని ఒప్పుకుంటా. కానీ ఏడు సందేశాలు వచ్చినా చూడకపోతే ఆ భాగం ఎవరిది?

మల్లేశ్వరం పద్మ
అరవై ఏళ్లావిడ ఇంగ్లీషులో వచ్చిన మెసేజ్ చదవలేదని 1,743 కట్టాలా?

మారతహళ్లి మధు
మెయిల్ పెట్టాను, 1915లో ఫిర్యాదు నంబరు ఇచ్చారు. రేపు కోత పడిందో లేదో చూసి రాస్తాను.